పై అధికారి చెప్పింది సరిగా అర్థమైందో లేదో ఎలా ఖాయం చేసుకోవాలి?

గుంటూరు మిర్చి వ్యాపారంలో ఆర్డర్లన్నీ నడుస్తూనో, ఫోన్ పెట్టేస్తూనో చెబుతారు. "కోల్డ్ స్టోరేజీలో మన తేజ కొంచెం చూసి చెన్నై పార్టీకి పంపించెయ్" అని సార్ కారెక్కేస్తారు. తేజ అంటే ఒక మిర్చి రకం, సరే. కానీ ఏ లాటు? ఎన్ని టిక్కీలు, అంటే ఎన్ని బస్తాలు? శాంపిలా, లోడా?

చెప్పిన మాటను పది నిమిషాల్లోపు ఉన్నదున్నట్టు రాసుకోండి. పక్క సీటువాళ్లని "సార్ ఉద్దేశం ఏమై ఉంటుంది" అని అడగొద్దు, వాళ్లూ ఊహించే చెబుతారు. తర్వాత వాట్సాప్‌లో అంకెలు వేసి పంపండి. వాయిస్ మెసేజ్ వద్దు. అందులో మూడో పాయింటు తప్పని చెప్పాలంటే ఆయన మొత్తం వినాలి. ఐదు పాయింట్లు దాటకూడదు.

అందరూ పాడుచేసేది ఆ పాయింట్లు రాయడంలోనే. "1. తేజ చూస్తాను. 2. పార్టీకి పంపిస్తాను" అని రాస్తారు. ఇది ఆయన మాట ఆయనకే తిరిగి చెప్పడం. ఆయన "సరే" అంటారు, తప్పు అలాగే ఉండిపోతుంది. ప్రతి పాయింటులో ఒక పని, దానితోపాటు ఒక లెక్కో, టైమో, పేరో ఉండాలి. అప్పుడే తప్పుంటే ఆయన కంటికి తగులుతుంది. ఇలా:

సార్, నాకు అర్థమైంది ఇది.
1. రెండు తేజ లాట్లలో ఈ ఏడాది పంటే తీస్తాను.
2. 100 టిక్కీలు పంపిస్తాను.
3. ముందు ఐదు టిక్కీలు విప్పి తేమ, తాలు చూస్తాను.
4. రేపు సాయంత్రం లారీకి లోడ్ చేయిస్తాను.
5. రేటు మీరు చెప్పాలి. చెప్పేదాకా సరుకు బయటికి తీయను.

రెండో పాయింటులో "ఎన్ని టిక్కీలు సార్?" అని అడగలేదు, చూడండి. అలా అడిగితే "నువ్వే చూడు" అంటారు. 100 అని రాస్తే, "కాదు, 60 చాలు" అని వెంటనే వస్తుంది. మనుషులు ప్రశ్నకు జవాబివ్వడం కంటే తప్పును దిద్దడంలోనే తొందరపడతారు.

కానీ వెనక్కి తీసుకోలేని చోట ఊహ రాయకూడదు. రేటు పార్టీకి చెప్పేశాక మార్చలేం. చల్లగా ఉన్న సరుకు బయటి వేడికి రాగానే చెమ్మ పడుతుంది, మళ్లీ లోపల పెడితే బూజు భయం. అందుకే ఐదోది మాత్రం అడిగి, ఆగాలి. "జవాబు రాకపోతే మొదలుపెడతాను" అనే మాట ఇలాంటి పాయింటుకు ఎప్పుడూ జోడించొద్దు.

జవాబుగా ఒట్టి "ఓకే" వస్తే మొదటి నాలుగూ ఖాయమైనట్టే. ఐదోది కాలేదు. "సార్, 5 ఒక్కటి చెప్పండి" అని మళ్లీ పంపండి, మొహమాటపడొద్దు. ఆయన ఫోన్‌లో ఏదైనా మారిస్తే, "2. 60 టిక్కీలు" అని ఆ ఒక్క లైను అదే మెసేజ్ కింద రాసిపెట్టి, అప్పుడు హమాలీలకు కబురు చేయండి.