భూగర్భ జలం నడక – 4వ పాఠం: పంపింగ్ పరీక్ష నుంచి వేగం దాకా

గత పాఠంలో బోరులో పంపు నడుపుతూ, పక్కనున్న పరిశీలన బావిలో నీటిమట్టం ఎలా తగ్గుతుందో నమోదు చేశాం. ఈసారి ఆ అంకెల నుంచి నీరు రోజుకు ఎన్ని మీటర్లు కదులుతుందో లెక్క కడదాం. లెక్క చిన్నదే. చివరి మెట్టు దగ్గర మాత్రం చాలామంది తప్పటడుగు వేస్తారు, కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

1856లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక నింపిన గొట్టాల గుండా నీటిని పంపి చూశాడు. బయటికొచ్చే నీరు రెండు చివరల మధ్య నీటిమట్టం తేడాకు తగ్గట్టు పెరిగింది, ఇసుక పొడవు పెరిగేకొద్దీ తగ్గింది. ఆ సూత్రం ఇది:

```
q = K × i
```

ఇక్కడ q అంటే అడ్డుకోతలో ఒక్కో చదరపు మీటరు గుండా రోజుకు పారే నీరు, i అంటే నీటిమట్టపు వాలు, K అంటే ఆ రాయి నీటిని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే సంఖ్య. దీన్ని జలవాహకత అంటాం. K ని పంపింగ్ పరీక్ష ఇస్తుంది. వాలును మాత్రం విడిగా కొలవాలి.

మన ఉదాహరణలో పైనా కిందా బంకమట్టి ఉండి, మధ్యలో 20 మీటర్ల మందం ఇసుకపొర ఉంది. పంపు రోజుకు 864 ఘనపు మీటర్లు, అంటే సెకనుకు 10 లీటర్లు తోడుతోంది. 30 మీటర్ల దూరంలోని పరిశీలన బావిలో 20వ నిమిషానికి మట్టం 0.90 మీటర్లు తగ్గింది, 200వ నిమిషానికి 1.69 మీటర్లు తగ్గింది. సెమీలాగ్ కాగితంపై కాలాన్ని లాగ్ గీత మీద, తగ్గుదలను మామూలు గీత మీద పెడితే ఈ భాగం తిన్నని గీతగా వస్తుంది. కాలం పది రెట్లయ్యేసరికి తగ్గుదల 0.79 మీటర్లు పెరిగింది. కూపర్, జాకబ్ 1946లో ఇచ్చిన పద్ధతి ప్రకారం:

```
T = 0.183 × 864 / 0.79 ≈ 200 చ.మీ./రోజు
K = T / మందం = 200 / 20 = 10 మీ./రోజు
```

T అంటే మొత్తం పొర మందానికి వర్తించే వాహకత. మొదటి కొద్ది నిమిషాల చుక్కలు ఈ గీత మీద కూర్చోవు. వాటిని కలుపుకుని గీత గీయకండి. అలాగే మధ్యలో గీత వాలు దాదాపు రెట్టింపైతే, దగ్గర్లో నీరు పోనివ్వని రాతి హద్దు ఉందేమోనని అనుమానించాలి. అప్పుడు ఆ మలుపుకు ముందున్న వాలునే వాడాలి. పంపు మధ్యలో నెమ్మదించినా గీత వంగుతుంది కాబట్టి, నీటి పరిమాణాన్ని పరీక్ష పొడవునా కొలుస్తూనే ఉండాలి.

ఇక వాలు. దీన్ని పంపు ఆడుతున్నప్పుడు కొలిస్తే తెలిసేది బోరు చుట్టూ ఏర్పడిన గుంత వాలే తప్ప, నీటి సహజమైన వాలు కాదు. పంపు ఆన్ చేయకముందే, ఒకే గీతలో లేని మూడు బావుల్లో, ఒకే ఆధార మట్టం నుంచి కొలవండి. మన చోట నీరు పారే దిశలో 600 మీటర్లకు 1.2 మీటర్లు తగ్గింది, అంటే i = 0.002. కాబట్టి q = 10 × 0.002 = రోజుకు 0.02 మీటర్లు.

ఇదే నీటి వేగం అనుకుని ఆగిపోతారు చాలామంది. కాదు. q లెక్క పొర అడ్డుకోత మొత్తం ఖాళీగా ఉండి, అంతటా నీరే పారుతున్నట్టు చూస్తుంది. నిజానికి అందులో ఎక్కువ భాగం ఇసుక గింజలే. నీరు వాటి మధ్య ఖాళీల్లోంచి మాత్రమే పోవాలి, అందుకే అది ఇంకా వేగంగా కదలాలి. ఒకదానితో ఒకటి కలిసి నీటికి దారిచ్చే ఖాళీల వాటాను ప్రభావ సచ్ఛిద్రత అంటాం. మన ఇసుకకు అది 0.2 అనుకుంటే:

```
v = 0.02 / 0.2 = 0.1 మీ./రోజు
```

అంటే ఏడాదికి సుమారు 36 మీటర్లు. ఒక కాలుష్యం బావిని ఎప్పుడు చేరుతుందో చెప్పేటప్పుడు q తో లెక్కేస్తే, అయిదు రెట్లు ఆలస్యంగా వస్తుందని చెప్పినట్టవుతుంది. ఇది నాకు చాలా టెన్షన్ పెట్టే తప్పు, ఎందుకంటే ఆ ధైర్యంతో ఎవరో ఆ నీళ్లు తాగుతూనే ఉంటారు.

దీనికి ఎదురు తప్పు ఇంకోటుంది. పరీక్ష నుంచి నిల్వ గుణకం కూడా వస్తుంది. మన పొరలో అది 0.0005. దాన్ని సచ్ఛిద్రత స్థానంలో పెడితే వేగం రోజుకు 40 మీటర్లని వస్తుంది. బంకమట్టి కింద ఒత్తిడిలో ఉన్న పొరలో పంపు తోడినా ఖాళీలు నిండే ఉంటాయి. ఒత్తిడి తగ్గి నీరు కాస్త వ్యాకోచించడం, రాతి గింజల చట్రం కాస్త కుదించుకోవడం వల్లే నీరు వస్తుంది. నిల్వ గుణకం చెప్పేది దాన్నే. ఖాళీల వాటాను కాదు.

కాబట్టి ఈ ఒక్క సంఖ్యను మన పరీక్ష ఇవ్వదు, మట్టి నమూనా చూసి అంచనా వేయాలి. ఇసుకకు 0.1 నుంచి 0.3 వరకు పెట్టి చూస్తే వేగం రోజుకు 0.2 నుంచి 0.07 మీటర్ల మధ్య వస్తుంది. నివేదికలో ఈ రెండు అంచులూ రాయండి. పగుళ్లున్న గ్రానైట్ అయితే సచ్ఛిద్రత 0.01 కూడా ఉండకపోవచ్చు, అప్పుడు అదే q కి వేగం రోజుకు 2 మీటర్లు దాటుతుంది.

అభ్యాసం: T 90 చ.మీ./రోజు, మందం 15 మీటర్లు, 500 మీటర్లకు మట్టం తేడా 2 మీటర్లు, సచ్ఛిద్రత 0.15 నుంచి 0.25 మధ్య. రెండు అంచుల వేగాలూ కట్టండి. ఆ వేగాన్ని నేరుగా సరిచూసే ఉప్పునీటి జాడ పరీక్షతో వచ్చే పాఠం మొదలవుతుంది.