డిజిటల్ సంతకానికి దరఖాస్తు: ఎవరు, ఏ ప్రతి మీద, ఎప్పుడు సంతకం పెట్టారో తేలాలంటే

డిజిటల్ సంతకం అంటే పీడీఎఫ్ కింద కనిపించే పేరు, ఆకుపచ్చ టిక్కు మార్కు అని చాలామంది అనుకుంటారు. అది బొమ్మ మాత్రమే. అసలు సంతకం ఫైలు లోపల ఉంటుంది. అలా సంతకం పెట్టడానికి ముందుగా మన పేరు మీద డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్ తీసుకోవాలి.

దీన్ని ప్రభుత్వం నేరుగా ఇవ్వదు. ఐటీ చట్టం, 2000 కింద సీసీఏ అనే కేంద్ర అధికారి కొన్ని సంస్థలకు లైసెన్సు ఇస్తారు. ఆ సంస్థల జాబితా cca.gov.in లో ఉంటుంది. అందులో ఉన్న సంస్థకే దరఖాస్తు పెట్టాలి. 2021 జనవరి నుంచి క్లాస్ 2 రకం సర్టిఫికెట్లు ఆపేశారు కాబట్టి ఇప్పుడు తీసుకోవాల్సింది క్లాస్ 3.

దరఖాస్తుకు పాన్, ఆధార్, ఫొటో, మీ సొంత మొబైల్ నంబరు, ఈమెయిల్ కావాలి. సంస్థ తరఫున సంతకం పెట్టాలంటే సంస్థ పత్రాలతో పాటు మీకు అధికారం ఇస్తున్నట్టు లేఖ కూడా జత చేయాలి. తర్వాత చిన్న వీడియో ఉంటుంది. కెమెరా ముందు మీరే కూర్చుని, వాళ్లు అడిగింది చెప్పి, అడిగిన ఒరిజినల్స్ చూపించాలి. ఆడిటర్ గారి నంబరు, ఆయన ఆఫీసు ఈమెయిల్ ఇచ్చేసి పని కానిచ్చేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే ఓటీపీలన్నీ ఆయనకే పోతాయి.

ఆమోదం వచ్చాక సర్టిఫికెట్‌ను పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్‌లోకి దించుకోవాలి. సంతకం పెట్టే రహస్య కీ ఆ టోకెన్‌లోనే పుడుతుంది, బయటికి కాపీ కాదు. అందుకే టోకెన్ పోయినా, ఫార్మాట్ చేసినా పాతది తిరిగి రాదు, కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. పాస్‌వర్డ్ వరసగా తప్పు కొడితే టోకెన్ లాక్ అవుతుంది.

ఇక వాడకం. అపార్ట్‌మెంట్ సంఘం లిఫ్ట్ రిపేరు కోసం 4,80,000 రూపాయల ఒప్పందం చేసుకుంటోందనుకుందాం. సెక్రటరీ, ట్రెజరర్, ప్రెసిడెంట్ ముగ్గురూ ఆమోదించాలి. సంతకాల గడులు మూడూ ముందే పెట్టి పీడీఎఫ్ తయారు చేస్తారు. సెక్రటరీ సంతకం పెట్టగానే అప్పటి ఫైలు మొత్తానికి ఒక లెక్క కట్టి, దానికి ఆయన కీతో ముద్ర వేస్తుంది సాఫ్ట్‌వేర్. ట్రెజరర్ సంతకం పాతదాన్ని చెరపకుండా ఫైలు చివర చేరుతుంది. అక్రొబాట్ రీడర్‌లో సిగ్నేచర్ ప్యానెల్ తెరిస్తే Rev. 1, Rev. 2 అని వరసగా కనిపిస్తాయి. వాటి కింద Click to view this version నొక్కితే ఆ మనిషి సంతకం పెట్టిన నాటి ప్రతి యథాతథంగా తెరుచుకుంటుంది. ప్రెసిడెంట్ దగ్గరికి వచ్చేసరికి ఎవరో వేరే ఎడిటర్‌లో 4,80,000ని 5,40,000 చేసి సేవ్ చేశారనుకోండి, లెక్క తప్పుతుంది, Document has been altered or corrupted since it was signed అని వస్తుంది. నిజంగానే అంకె మారాలంటే కొత్త పీడీఎఫ్ చేసి ముగ్గురూ మళ్లీ మొదటి నుంచి పెట్టాలి, దగ్గరి దారి లేదు.

ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకోటి ఉంది. సైజు తగ్గించడానికో, రెండు ఫైళ్లు కలపడానికో సంతకమైన పీడీఎఫ్‌ను మళ్లీ ‘ప్రింట్ టు పీడీఎఫ్’ చేస్తారు. టిక్కు బొమ్మ అలాగే ఉంటుంది, ప్యానెల్‌లో మాత్రం ఒక్క సంతకమూ ఉండదు. పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. సాధారణంగా మీ కంప్యూటర్ ఆ సర్టిఫికెట్‌ను ఇంకా నమ్మకమైనదిగా గుర్తించలేదని దాని అర్థం.

‘ఎప్పుడు’ అన్నదే అన్నిటికన్నా బలహీనం. సంతకం వివరాల్లో Signing time is from the clock on the signer's computer అని ఉంటే ఆ టైమును నమ్మలేం. గడియారం వెనక్కి తిప్పి నిన్నటి తేదీతో సంతకం పెట్టొచ్చు. సంతకం పెట్టే సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో టైమ్‌స్టాంప్ సర్వర్ చిరునామా ఇస్తే, సంతకం పెట్టిన క్షణానికి బయటి సర్వర్ విడిగా ముద్ర వేస్తుంది. రేపు టోకెన్ పోయి సర్టిఫికెట్ రద్దు చేయించినా, ఈ సంతకం అంతకు ముందుదే అని చూపించేది ఆ ముద్రే.

‘ఎవరు’ అన్నదానికీ హద్దుంది. సంతకం చెప్పేది ఏ టోకెన్ వాడారన్నదే, ఎవరి చెయ్యి అన్నది కాదు. టోకెన్ వెనక పాస్‌వర్డ్ చీటీ అంటించి ఆఫీసులో వదిలేస్తే, అక్కడ కూర్చున్న ఎవరు నొక్కినా రికార్డులో పడేది మీ పేరే. కీని జాగ్రత్తగా ఉంచుకోవడం, అది చెయ్యి జారితే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు వెంటనే చెప్పడం చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం మీ బాధ్యత. టోకెన్ కనిపించకపోతే సాయంత్రం దాకా వెతుక్కుంటూ కూర్చోకుండా ముందు రద్దుకు దరఖాస్తు పెట్టండి.