కస్టమర్ సపోర్ట్ రెజ్యూమేలో స్కోర్లు ఉన్నా నమ్మకం కుదరకపోతే

సమస్య: ‘క్వాలిటీ స్కోరు 94%’ అని రాశారు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే తడబడుతున్నారు.

ఒంటరి అంకెకు విలువ తక్కువ. టీమ్ లీడర్ అడిగేవి మూడే: ఎన్ని కాల్స్ ఆడిట్ అయ్యాయి, ఎన్ని నెలల్లో, టార్గెట్ ఎంత? 4 కాల్స్ మీద వచ్చిన 94, 48 కాల్స్ మీద వచ్చిన 94 ఒకటి కావు.

చాలామంది సగటు దగ్గరే పొరబడతారు. ఒక నెల 4 ఆడిట్లకు 98, మరుసటి నెల 12 ఆడిట్లకు 90 వచ్చాయనుకోండి. రెండు నెలల అంకెలు కలిపి సగం చేస్తే 94 వస్తుంది. కానీ ఆడిట్ల లెక్కన చూస్తే 392, 1080 కలిపి 1472; దాన్ని 16తో భాగిస్తే 92. రెజ్యూమేలో రాయాల్సింది ఈ 92నే.

స్కోరు ఒక్క నెలలో పడిపోయి ఉంటే ఫేటల్ ఎర్రర్ ఉందేమో చూడండి. వెరిఫికేషన్ చేయకుండా ఖాతా వివరాలు చెప్పడం లాంటి తప్పుకు చాలా చోట్ల ఆ కాల్ మొత్తానికి సున్నా వేస్తారు. తొమ్మిది కాల్స్‌కు 96 వచ్చినా పదోది సున్నా అయితే సగటు 86.4కి దిగుతుంది. దాన్ని రెజ్యూమేలో దాచాల్సిన పని లేదు, వివరించాల్సిన పనీ లేదు. ఇంటర్వ్యూలో అడిగితే కారణం, ఆ తర్వాత మార్చుకున్న పద్ధతి చెప్పగలగాలి.

సరిచేసిన వాక్యం: ‘6 నెలల్లో 48 ఆడిట్లు, సగటు 92%, టార్గెట్ 90%.’ సీశాట్‌ను ఇందులో కలపకండి. అది కస్టమర్ ఇచ్చే మార్కు, ఇది ఆడిటర్ ఇచ్చేది.

సమస్య: ‘ఎస్కలేషన్లు హ్యాండిల్ చేశాను’ అన్న మాటకు స్పందన లేదు.

కారణం, ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. మీరు పైకి పంపారా, పైనుంచి మీకు వచ్చాయా? మొదటిది ప్రతి ఏజెంట్ చేసేదే. రెండోది అనుభవానికి గుర్తు. అందుకే దిశ ముందు రాయండి: ‘సూపర్‌వైజర్ కావాలని అడిగిన కాల్స్ తీసుకున్నాను, వారానికి సుమారు 15, బిల్లింగ్ వివాదాలే ఎక్కువ.’

పైకి పంపినవి తక్కువని గొప్పగా రాసేవాళ్లు ఒకటి గమనించాలి. పంపాల్సిన కేసును తన దగ్గరే పట్టుకుంటే అది మళ్లీ తెరుచుకుంటుంది. కాబట్టి ‘ఎస్కలేషన్ 4%’ పక్కన రీఓపెన్ శాతం కూడా ఉంటేనే ఆ అంకె నిలబడుతుంది. కస్టమర్ పేర్లు, టికెట్ నంబర్లు మాత్రం ఎక్కడా రాయకండి.

సమస్య: ‘ఏ షిఫ్టుకైనా సిద్ధం’ అని రాసినా మళ్లీ అదే అడుగుతున్నారు.

అది మాట ఇవ్వడమే, రుజువు కాదు. చేసింది రాయండి: ‘14 నెలలు రొటేషనల్ షిఫ్టులు, అందులో 5 నెలలు రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు.’ కుదరని వేళలు ఉంటే ఇక్కడే చెప్పేయండి. చేరాక బయటపడితే రోస్టర్ దగ్గర గొడవ మొదలవుతుంది.