లంకల్లో వంగ నాటే ముందు: కాయ తొలిచే పురుగుకి మందు ఎప్పుడు, ఎప్పుడు వద్దు

వరద తీసి, లంక భూములు ఆరి దుక్కికి వచ్చాక వంగ నాటబోయేవారికి ఈ జాగ్రత్తలు. వంగ రైతు డబ్బు ఎక్కువగా పోయేది మొవ్వు, కాయ తొలిచే పురుగు దగ్గరే. మందు ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఆగాలో నారు పొయ్యకముందే తేల్చుకోండి. పుచ్చు కాయలు కనబడ్డాక కంగారులో ఆ లెక్క కుదరదు.

తల్లి పురుగు ఎక్కువగా ఆకుల అడుగున గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలిన పిల్ల పురుగు వెంటనే మొవ్వులోకో కాయలోకో దూరి, రంధ్రాన్ని పెంటతో మూసేసి, దాదాపు రెండు వారాలు లోపలే తింటుంది. అక్కడికి మందు అందదు. అందుకే వారం వారం వరసగా కొట్టినా కాయలు పుచ్చుతూనే ఉంటాయి.

మొదటి జాగ్రత్త పాత మోళ్ల విషయంలో. గత పంట వంగ కంపను వంటచెరుకుగా గట్టు మీద పేర్చి ఉంచితే, అందులో, రాలిన ఆకుల్లో ఉన్న కోశాల నుంచి రెక్కల పురుగులు లేచి నేరుగా కొత్త తోటకే వస్తాయి. మీ కంపతో పాటు పక్క చేను కంప కూడా నాట్లకు ముందే తీయించండి. నాలుగు వైపులా నీళ్లున్న లంకలో అందరూ కలిసి ఈ పని చేస్తే ఫలితం బాగుంటుంది. ఒక్కరే చేస్తే పక్క తోట పురుగు వస్తూనే ఉంటుంది.

నాటిన రెండు మూడు వారాల నుంచి, వారానికి ఒకసారి తోటలో అడ్డదిడ్డంగా నడిచి ఐదు చోట్ల నాలుగేసి మొక్కలు చూడండి. గట్టు పక్క వరసలే చూసి వచ్చేయకండి. ఒక్క కొమ్మ చివర మాత్రం వాలితే దాన్ని చీల్చండి. లోపల పెంట, లేత గులాబీ రంగు పురుగు ఉంటే ఇదే. మొక్క మొత్తం వాడితే అది ఎండు తెగులు కావచ్చు, దానికి పురుగు మందు దండగ. వాలిన మొవ్వును దెబ్బ తగిలిన చోటికి కాస్త కిందికి తుంచి సంచిలో వేసి, మూతి కట్టి ఎండలో పడెయ్యండి. పూత రాకముందు ఈ పని మానకుండా చేస్తే పురుగు తొలి తరమే తగ్గుతుంది. పుచ్చు కాయలనూ అలాగే చెయ్యాలి, గట్టున విసరకూడదు.

లింగాకర్షక బుట్టలు ఎకరానికి ఐదారు పెడితే పురుగు వచ్చిందని తెలుస్తుంది. మగవాటిని పట్టి తగ్గించాలంటే నలభై దాకా కావాలి. మొక్క తలకు కాస్త పైన కట్టి, మొక్క పెరిగే కొద్దీ ఎత్తు మార్చండి. నెలకోసారి ఎర మార్చకపోతే బుట్ట ఖాళీగా ఉంటుంది, తోటలో పురుగు లేదని మోసపోతాం.

ఇక కోతల కాలం లెక్క. ప్రతి కోతలో కలగలిపి వంద కాయలు తీసి, పుచ్చువి ఎన్నో లెక్కపెట్టండి. ఎకరానికి కోతకు 400 కిలోలు వస్తాయనుకుందాం. మందు పనిచేసే రోజుల్లో రెండు కోతలు పడితే 800 కిలోలు. నూటికి ఒకటి పుచ్చితే 8 కిలోలు పోతాయి. కిలో 20 రూపాయలైతే 160 నష్టం. మందు అందులో సగమే ఆపుతుందనుకుంటే మిగిలేది 80. మందుకీ కూలికీ కలిపి 1,200 అయితే, 1,200ని 80తో భాగిస్తే 15. నూటికి 15 పుచ్చితేనే ఖర్చు తిరిగి వస్తుందన్నమాట. అయితే పురుగు పెరుగుతూ ఉంటుంది కాబట్టి అంతవరకూ ఆగకుండా 10 దగ్గరే మందు కొట్టాలి. కిలో 40 పలికితే ఆ 15 ఏడున్నరకు దిగుతుంది, అప్పుడు 5 దగ్గరే మందు కొట్టాలి. సిఫారసుల్లో సాధారణంగా చెప్పే 5 శాతం మంచి ధర ఉన్నప్పటికి సరిపోయే అంకె. ధర 10కి పడిపోతే 30 దాటాలి, కాబట్టి ఆ రోజుల్లో పుచ్చులు ఏరడమే మేలు. మీ దిగుబడి, మీ కూలి వేసుకుని ఈ లెక్కే చేసుకోండి.

మందు కొట్టాల్సి వస్తే ఏది అన్నది కోతను బట్టి ఉంటుంది. ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జి ఎకరానికి 80 గ్రాములు, 200 లీటర్ల నీటిలో. వంగలో కొట్టాక మూడు రోజులు ఆగి కోయాలి. క్లోరాంట్రానిలిప్రోల్ బాగా పనిచేసే మందే, కాని దానికి 22 రోజులు ఆగాలి. నాలుగైదు రోజులకోసారి కోసే తోటలో అది కుదరదు, పూతకు ముందైతే సరే. డబ్బా మీద రాసింది చదివాకే కలపండి. సింథటిక్ పైరిత్రాయిడ్లు పదేపదే కొడితే పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు చచ్చి, నల్లి, తెల్లదోమ రేగుతాయి. ఏ మందైనా పుచ్చులు ఏరేశాక, సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. తర్వాతి రెండు కోతల్లోనూ వంద కాయల లెక్క మళ్లీ చూడండి. తగ్గకపోతే అదే మందు మోతాదు పెంచి కొట్టకుండా, రైతు సేవా కేంద్రంలో అడిగి వేరే రకానికి మారండి.