లేసు అల్లికల పోస్టుకు ట్యాగులు, క్యాప్షన్ ఎలా ఎంచుకోవాలి?

నరసాపురం, పాలకొల్లు, సఖినేటిపల్లి వైపు ఇంట్లోనే లేసు అల్లి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకునేవారికి ఒక చిక్కు ఉంది. కొనేవారు రెండు రకాలు. భీమవరం, రాజమండ్రి నుంచి తెలుగులో అడిగేవారు కొందరు, బెంగళూరు నుంచో విదేశాల నుంచో ఇంగ్లీషులో వెతికేవారు కొందరు. ఒకే పోస్టు ఇద్దరికీ అందాలి. 24 అంగుళాల గుండ్రటి టీపాయ్ గుడ్డ ఒకటి అమ్మకానికి ఉందనుకుని, దాని పోస్టు మొదటి నుంచీ రాసి చూద్దాం.

ముందు, ఈ పోస్టు ఎవరికో తేల్చుకోండి

క్యాప్షన్‌కు 2,200 అక్షరాల దాకా చోటుంది. కానీ ఫీడ్‌లో ముందుగా కనిపించేది ఒకటి రెండు వరుసలే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఇంగ్లీషులో అయితే 125 అక్షరాల దగ్గర తెగుతుందని లెక్కవేసుకోవచ్చు. తెలుగుకు ఆ లెక్క సరిపోదు. మనం 'క్రో' అని ఒక అక్షరంగా చూసేది ఫోనుకు నాలుగు: క, పొల్లు, ర, ఓత్వం. 'క్రోషియా' చూడటానికి మూడక్షరాలు, లెక్కకు ఎనిమిది. పైగా మన పదాలు పొడవు, వరుస చివర పట్టకపోతే పదం మొత్తం కిందికి దిగుతుంది. అందుకే తెలుగు మొదటి వరుసను 60 దాటనివ్వకండి.

ఆ మొదటి వరుసలో వస్తువు, కొలత, ధర ఉండాలి. 'అందరికీ నమస్కారం, ఈ రోజు మీ కోసం ఒక కొత్త డిజైన్' అని మొదలుపెడితే కనిపించే చోటంతా పలకరింపుకే అయిపోతుంది. దగ్గరివారి కోసం పెట్టే పోస్టు ఇలా మొదలుకావచ్చు:

```
టీపాయ్ మీదికి చేతి అల్లిక లేసు గుడ్డ, 24 అంగుళాలు, ₹1,200.
```

ఇది ఫోను లెక్కలో 58. ధర ఇక్కడ ఉదాహరణకే, మీ ధర మీరు వేసుకోండి. దాచి 'ధర కోసం మెసేజ్ చేయండి' అని మాత్రం రాయకండి, అడగడానికి మొహమాటపడేవారు అక్కడే వదిలేస్తారు.

దూరపు కొనుగోలుదారు కోసమైతే ఇంగ్లీషు వరుసే ముందుండాలి:

```
Hand-crocheted cotton lace table mat, 24 inches round, made in Narsapur, Andhra Pradesh.
```

88 అక్షరాలు, హాయిగా పడుతుంది. రాష్ట్రం పేరు ఎందుకంటే తెలంగాణలో మెదక్ జిల్లాలోనూ ఒక నర్సాపూర్ ఉంది.

రెండు భాషలనూ విడివిడిగా రాయండి

ముందున్న భాషలో నాలుగైదు వాక్యాలు, ఒక ఖాళీ వరుస, తర్వాత రెండో భాషలో రెండు మూడు వాక్యాలు. మొత్తం ఆరు నుంచి ఎనిమిది వాక్యాలు చాలు. ఒకే వాక్యంలో రెండు భాషలూ కలిపినా, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా, ఫోనులోని అనువాదం తడబడుతుంది. వెతుకులాటలోనూ నష్టమే, ఎందుకంటే 'allika' అని టైపు చేసి వెతికే కొనుగోలుదారు అరుదు.

ఒకదాన్ని ఇంకోదానికి అనువాదంగా రాయకండి. నరసాపురం పక్కనున్నవారికి లేసు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వాళ్లకు కావలసింది ఎప్పటికి చేతికొస్తుంది, ఇంటికి వచ్చి తీసుకోవచ్చా, ఆరు గుడ్డలు తీసుకుంటే తగ్గుతుందా అన్న సంగతులు. బెంగళూరు మనిషికి వేరే ప్రశ్నలుంటాయి: యంత్రం మీద చేసిందా చేత్తో అల్లిందా, నూలా పాలిస్టరా, ఎలా ఉతకాలి, కొరియర్ ఖర్చు ఎంత. దారం ఏది వాడారో మీకు తెలుసు కాబట్టి దాన్ని ఇంగ్లీషు భాగంలో తప్పక రాయండి. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు చూసి నాణ్యత నమ్మేవారున్నారు గనుక అక్కడ అల్లినదానికే ఆ పేరు పెట్టాలి. ఆ గుర్తింపు ముద్రను ఫోటో మీద వేయాలంటే మాత్రం అధీకృత వాడుకరిగా నమోదై ఉండాలి.

ఇక ట్యాగులు

ఇన్‌స్టాగ్రామ్ ఒకప్పుడు పోస్టుకు 30 ట్యాగులు ఒప్పుకునేది. 2025 డిసెంబరులో ఆ సంఖ్యను 5కు తగ్గించింది. అంతకు ఏడాది ముందే ట్యాగును ఫాలో అయ్యే సదుపాయం తీసేసింది. అందుకే ఇప్పుడు ట్యాగు పని జనాన్ని పోగుచేయడం కాదు, మీ పోస్టు దేని గురించో చెప్పడం. ఐదు చోట్లలో ప్రతిదీ వేరే సంగతి చెప్పాలి.

ట్యాగు వాడేముందు దాన్ని వెతుకు పెట్టెలో కొట్టి, పైన వచ్చే పది పన్నెండు ఫోటోలు చూడండి. మీ గుడ్డ వాటి మధ్య ఇమిడేలా ఉంటేనే తీసుకోండి. ఈ పరీక్షలో చాలా ట్యాగులు నిలవవు. `#lace` పెళ్లి గౌన్లు, విగ్గుల మధ్యకు తీసుకెళుతుంది. `#handmade` కింద కోట్లాది పోస్టులున్నాయి, మీది నిమిషంలో అడుగుకు పోతుంది. `#narsapur` లో మెదక్ వైపు అడవి ఫోటోలూ కలుస్తాయి. తెలుగులో `#లేస్` అంటే చిప్స్ పాకెట్లూ గుర్తుకొచ్చే మాటే, `#లేసు` అని రాస్తే ఆ తికమక తగ్గుతుంది.

మన గుడ్డకు సరిపోయే ఐదు ఇవి:

```
#CrochetLace #TableLinen #NarsapurLace #లేసుఅల్లిక #గృహప్రవేశం
```

వరుసగా అవి పని, వాడకం, ఊరు, తెలుగు పేరు, కొనే సందర్భం. గృహప్రవేశానికి కానుకగా ఇచ్చే వస్తువు కాబట్టి చివరిది. తోరణం అమ్మితే ఆ చోట సంక్రాంతి రావచ్చు. ఇంగ్లీషులో పెద్దక్షరాలు చదవడానికి వీలుగా పెట్టినవే, చిన్నక్షరాలతో రాసినా ట్యాగు ఒకటే.

తెలుగు ట్యాగుల్లో జాగ్రత్త ఎక్కువ కావాలి. `#లేసుఅల్లిక`, `#లేసు_అల్లిక`, సంధి కలిపి రాసిన `#లేసల్లిక` మూడూ వేర్వేరు ట్యాగులు. మూడింటినీ వెతికి, ఎక్కువమంది వాడుతున్న రూపం ఎంచుకుని దానికే కట్టుబడండి. విభక్తి చేర్చి `#నరసాపురంలో` అని పెట్టకండి, ఎవరూ అలా వెతకరు. మధ్యలో చుక్కో చిన్న గీతో పెడితే ట్యాగు అక్కడే తెగుతుంది. విడదీయాలంటే కింద గీత ఒక్కటే పనికొస్తుంది.

ఇంకో లోపం కంటికి కనిపించదు. పొల్లుతో ముగిసే పదానికి ఇంకో పదం అతికేటప్పుడు, వత్తు పడకుండా ఉండటానికి కొన్ని కీబోర్డులు మధ్యలో కనిపించని గుర్తు చేరుస్తాయి. అది ఉన్న ట్యాగు, లేని ట్యాగు చూడటానికి ఒకేలా ఉన్నా ఫోనుకు వేరు. అచ్చుతో ముగిసే పదాలు వాడితే ఈ బాధ ఉండదు: 'లేస్' కన్నా 'లేసు' మేలనడానికి ఇది రెండో కారణం. పోస్టు పెట్టాక ట్యాగును నొక్కి చూడండి. మొత్తం పదం తెరుచుకుని, అందులో ఇతరుల పోస్టులు కూడా కనిపిస్తే సరిగ్గా పడినట్టు. సగం పదమే తెరుచుకుంటే, లేదా మీ పోస్టు ఒక్కటే ఉంటే, క్యాప్షన్ ఎడిట్ చేసి ఆ ట్యాగు చెరిపి మళ్లీ టైపు చేయండి. ఖాతా ప్రైవేటులో ఉంటే మీ ఫాలోవర్లు కానివారికి ఏ ట్యాగులోనూ మీ పోస్టు కనిపించదు, అది ముందే సరిచూసుకోండి.

పనిచేస్తోందా?

ప్రొఫెషనల్ ఖాతా అయితే పోస్టు కింద `View insights` ఉంటుంది. వారం తర్వాత అందులో ఫాలోవర్లు కానివారి వాటా రాసుకోండి. తర్వాతి పోస్టుకు ఒక్క ట్యాగు మాత్రమే మార్చండి, లేదా మొదటి వరుస భాష మాత్రమే మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్క పోస్టు చూసి తీర్పు చెప్పకండి, ఫోటో బాగున్నా ఆ అంకె పెరుగుతుంది. ఒకే రకం గుడ్డ మీద ఆరు పోస్టులైనా పోల్చాలి. దాంతోపాటు మెసేజ్ పెట్టినవారు ఏ భాషలో అడిగారో, మొదట ఏమడిగారో పక్కన రాసుకోండి. ఆరుగురిలో నలుగురు 'ఉతికితే ముడుచుకుంటుందా' అని అడిగితే, ఆ జవాబు తర్వాతి క్యాప్షన్ రెండో వాక్యంగా రావాలి.