కంపెనీ షేర్లకు ‘కాలర్’ రక్షణ: ఖర్చు దాదాపు లేకుండా పుట్, కాల్ స్ట్రైక్ ధరలను ఎంచుకోవడం ఎలా?

అమెరికాలో పనిచేస్తున్న మన ఉద్యోగులలో చాలామందికి ఆర్‌ఎస్‌యూల ద్వారా వచ్చిన కంపెనీ షేర్లే అతిపెద్ద ఆస్తి. వాటిని ఇప్పుడే అమ్మితే లాభంపై పన్ను కట్టాలి, అమ్మకుండా ఉంచితే ధర పడిపోతుందన్న భయం ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న మార్గం కాలర్. ఇందులో షేర్లను అట్టే ఉంచుకొని, రెండు ఆప్షన్లు వాడతారు: గడువులోగా ముందే నిర్ణయించిన స్ట్రైక్ ధరకు షేర్లను అమ్మే హక్కునిచ్చే పుట్‌ను ప్రస్తుత ధరకు దిగువన కొని, స్ట్రైక్ ధరకు షేర్లను కొనే హక్కును అవతలివారికిచ్చే కాల్‌ను ఎగువన అమ్ముతారు. కాల్ అమ్మగా వచ్చిన ప్రీమియం పుట్ ఖర్చును భరిస్తుంది.

స్ట్రైక్ ధరల సంగతికి ముందు కంపెనీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలను చదవాలి. చాలా కంపెనీలు తమ షేర్లపై ఆప్షన్లు కొనడాన్ని, అమ్మడాన్ని ఉద్యోగులకు పూర్తిగా నిషేధిస్తాయి. నిషేధం ఉంటే ఈ మార్గం అక్కడితో మూసుకుపోయినట్టే. అనుమతి ఉన్నా, ఉద్యోగులు లావాదేవీలు జరపడానికి కంపెనీ తెరిచి ఉంచే రోజులలోనే ఆర్డర్ వేయాలి. షేర్లు వెస్ట్ అయి, ఆప్షన్లకు అనుమతి ఉన్న బ్రోకరేజీ ఖాతాలో ఉండాలి.

ఇక ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులోని ధరలు ఊహించినవే అయినా, సాధారణంగా కనిపించే స్థాయిలోనే ఉన్నాయి. షేరు ధర 200 డాలర్లు, మీ దగ్గర ఉన్నవి 500 షేర్లు, డివిడెండ్ లేదు, గడువు 6 నెలలు అనుకుందాం. ఒక్కో కాంట్రాక్టు 100 షేర్లకు కాబట్టి 5 పుట్‌లు, 5 కాల్‌లు కావాలి.

మొదట పుట్‌ను ఎంచుకోవాలి, ఎందుకంటే ఎంత నష్టాన్ని తట్టుకోగలరో తెలిసేది మీకే. పది శాతం వరకు ఓర్చుకోగలమనుకుంటే స్ట్రైక్ 180. దాన్ని కొనేవారు చెల్లించాల్సిన ఆస్క్ ధర 8.70 డాలర్లు అనుకుందాం. తరువాత అదే గడువున్న కాల్‌లకు అమ్మేవారికి వచ్చే బిడ్ ధరలను వరుసగా చూస్తూ 8.70కి దగ్గరగా ఉన్నదాన్ని వెతకాలి: 225 స్ట్రైక్‌కు 9.20, 230కి 7.90, 240కి 5.70. మొదటిదాన్ని ఎంచుకుంటే షేరుకు 50 సెంట్లు, మొత్తం 250 డాలర్లు మీకే మిగులుతాయి. 230ని ఎంచుకుంటే షేరుకు 80 సెంట్ల చొప్పున 400 డాలర్లు చేతి నుంచి పడతాయి. కచ్చితమైన సున్నా కోసం పట్టుపట్టడం అనవసరమని నా అభిప్రాయం. 225తో పోలిస్తే 650 డాలర్ల తేడాకు 2,500 డాలర్ల అదనపు లాభానికి చోటు దొరుకుతోంది కాబట్టి నేనైతే 230 వైపే మొగ్గుతాను.

గడువు నాటికి ధర 120కి పడినా, పుట్‌తో కలిపి మీ చేతిలో 90,000 డాలర్ల విలువ ఉంటుంది. 270కి పెరిగితే మాత్రం 230 దగ్గరే ఆగిపోతుంది, అంటే 1,15,000. రెండింటిలోనూ ఆ 400 తీసివేయాలి. రక్షణ ఇంకా దగ్గరగా, 190 వద్ద కావాలంటే పుట్ సుమారు 12 డాలర్లు అవుతుంది, దాన్ని భరించేందుకు కాల్‌ను 215కి దించాల్సి వస్తుంది.

వడ్డీ రేట్లు ఎక్కువగా ఉంటే పై హద్దు, అంటే కాల్ స్ట్రైక్, దూరంగా జరుగుతుంది. డివిడెండ్ ఉన్నా, పతనం భయంతో దిగువ పుట్‌లకు గిరాకీ పెరిగినా అది దగ్గరికి వస్తుంది.

ఆర్డర్‌ను రెండు విడి ముక్కలుగా వేయకండి. పుట్ కొన్నాక కాల్ అమ్మేలోపే ధర కదిలితే లెక్క తప్పుతుంది. రెండింటినీ కలిపి ఒకే ఆర్డర్‌గా, నికర ధరకు పరిమితి పెట్టి వేయాలి. బిడ్, ఆస్క్‌ల మధ్య వ్యత్యాసం పెద్దదైతే పరిమితిని మధ్య ధర దగ్గర మొదలుపెట్టి, కొద్దికొద్దిగా సడలించవచ్చు.

పన్ను విషయంలో రెండు చిక్కులు ఉన్నాయి. పుట్, కాల్ స్ట్రైక్‌లు మరీ దగ్గరగా ఉంటే, 1997లో వచ్చిన సెక్షన్ 1259 ప్రకారం షేర్లను అమ్మినట్టే భావించి పన్ను వేసే ప్రమాదం ఉంది. ఎంత దూరం ఉండాలో చట్టం అంకె చెప్పలేదు. రెండింటి మధ్య షేరు ధరలో సుమారు 20 శాతం ఖాళీ ఉండాలని సలహాదారులు సాధారణంగా చెబుతారు. మన 180–230 జతలో అది 25 శాతం, 190–215లో 12.5 శాతమే. రెండోది, షేర్లు వెస్ట్ అయి ఏడాది దాటకముందే కాలర్ వేస్తే, అప్పటివరకు గడిచిన కాలం లెక్కలోంచి పోయి, కాలర్ తీసేశాకే దీర్ఘకాలిక లాభపు గడియారం మళ్లీ మొదలవుతుంది. అందుకే ఏ లాట్ ఎప్పుడు వెస్ట్ అయిందో చూసి, ఏడాది దాటినవాటికే కాలర్ వేసి, ఆ విషయాన్ని పన్ను నిపుణుడితో ముందే సరిచూసుకోవాలి.

కాలర్ వేశాక గమనించాల్సింది ముఖ్యంగా కాల్‌నే. డివిడెండ్ ఇచ్చే షేరు స్ట్రైక్‌ను దాటి పెరిగితే, కాల్ కొన్నవారు ఎక్స్-డివిడెండ్ తేదీకి ముందే దాన్ని అమలు చేసి షేర్లను తీసుకుపోవచ్చు, దాంతో తక్కువ కొనుగోలు విలువ ఉన్న మీ షేర్లపై ఆ ఏడాదే పన్ను పడుతుంది. కాల్ ప్రీమియంలో, షేరు ధర స్ట్రైక్‌ను దాటిన మొత్తం పోగా మిగిలిన కాలపు విలువ రాబోయే డివిడెండ్ కంటే తక్కువైందంటే ఆ ప్రమాదం దగ్గరపడినట్టు లెక్క. షేర్లు పోకూడదనుకుంటే ఆ తేదీకి ముందే కాల్‌ను తిరిగి కొనాలి.