స్పానిష్ క్లయింట్‌కి పని ఆలస్యమవుతుందని వాయిస్ మెసేజ్‌లో ఎలా చెప్పాలి?

ముందు తేలిక పనులు. ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, నిలబడి మాట్లాడండి. కూర్చుని రికార్డ్ చేస్తే గొంతు నీరసంగా వస్తుంది. వాట్సాప్‌లో మైకు నొక్కి పైకి జరిపితే లాక్ అవుతుంది, పంపేముందు విని చూసుకోవచ్చు. 40 సెకన్లు దాటకూడదు.

మీరు శ్రీకాకుళంలో ఉండి మాడ్రిడ్‌లోని ఒక షాపుకి వెబ్‌సైట్ చేస్తున్నారనుకుందాం. తుఫానుకి రెండు రోజులు కరెంటూ నెట్టూ లేవు. మంగళవారం ఇవ్వాల్సిన పేమెంట్ పేజీని 14వ తేదీ గురువారం ఇస్తారు. పలకరించగానే ఆలస్యం సంగతి చెప్పేయండి: "లా ఎంత్రేగా సె రెత్రాసా దోస్ దియాస్." అంటే డెలివరీ రెండు రోజులు ఆలస్యం. తర్వాత తుఫాను గురించి ఒక్క వాక్యం చాలు. చాలామంది తుఫాను కథతో మొదలెట్టి అసలు మాట చివర్లో చెబుతారు, అప్పటిదాకా అవతలివాళ్లు కంగారుపడుతూ వింటారు.

మీరు చెప్పబోయేది తెలుగు లిపిలోనే రాసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నవాళ్లు 'హ్వేబెస్'ని (గురువారం) 'జ్యూవెస్' అని చదివేస్తారు. స్పానిష్ త, ద మన త, దలకు చాలా దగ్గర. అచ్చులు కూడా అ, ఇ, ఉ, ఎ, ఒ ఐదే. ఇంత సుఖం ఇంగ్లీషు లిపిలో లేదు.

ఇక కష్టమంతా కొత్త గడువు చెప్పే వాక్యంలో ఉంది:

"లో ఎంత్రేగో ఎల్ హ్వేబెస్ కతోర్సె, ఆ లాస్ సింకో దె లా తార్దె, ఓరా దె మద్రీద్."

14 గురువారం, మాడ్రిడ్ టైము సాయంత్రం ఐదుకి ఇస్తాను అని దీనర్థం. 'ఎంత్రేగో'లో 'త్రే' మీదే ఒత్తి పలకాలి. తెలుగులో ఎక్కడ ఒత్తినా అర్థం మారదు కాబట్టి మనకి ఇది పట్టదు. చివరి 'గో' మీద ఒత్తితే అది 'ఇచ్చేశాడు' అయిపోతుంది. క్లయింట్ పని అయిపోయిందనుకుని ఇన్‌బాక్స్ వెతుక్కుంటాడు. అందుకే ఆ ఒక్క మాటనీ విడిగా రికార్డ్ చేసి వినండి. 'త్రే' సాగి, 'గో' పొట్టిగా వినబడాలి. వినబడకపోతే మళ్లీ చేయండి, బద్ధకించొద్దు.

వారం, తేదీ, గంట, ఎవరి టైము, నాలుగూ ఉండాల్సిందే. మాడ్రిడ్ సాయంత్రం ఐదంటే చలికాలంలో మనకి రాత్రి 9:30. మార్చి చివరి ఆదివారం వాళ్లు గడియారం ముందుకు జరుపుతారు, అప్పట్నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా 8:30. ఇది చూసుకోకుండా గంట చెప్పేవాళ్లే రెండోసారి ఆలస్యం చేస్తారు.

వాయిస్ వెళ్లగానే కింద టైపు చేయండి:

```
Jueves 14, 17:00, hora de Madrid
```

'వాలె' అనో 'పెర్ఫెక్తో' అనో జవాబొస్తే అర్థమైనట్టే. 'యా ఎస్తా?' అంటే, అయిపోయిందా అని అడుగుతున్నారు. అప్పుడు గడువు వాక్యం ఒక్కటే మళ్లీ రికార్డ్ చేసి పంపండి.